నేను చుట్టని ఎర్ర సున్నలు

మా ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినిపించదు. అందరికీ ఆయన గళ్ళ మాస్టారు. ముప్ఫై ఏళ్ళ కిందట కొన్నాళ్ళు లెక్కలు చెప్పారు కాబట్టి మాస్టారు. పత్రికలో రోజూ వచ్చే సుడోకు గళ్ళని అచ్చుకు ముందు చేత్తో చేసి చూసేది ఆయనే కాబట్టి గళ్ళ మాస్టారు. నేను ఆ పేజీ కట్టే మనిషిని. పందొమ్మిదేళ్ళుగా ఆయన బల్లకి ఎదురు బల్ల నాది. మధ్యలో ఒక ఫ్యాను, దాని గాలికి ఎగరకుండా కాగితాల మీద పెట్టిన ఒక ఇనప తాళం.

ఆయన వీడ్కోలుకి నాలుగు మంచి మాటలు రాసిపెట్టమని అడిగారు ఆఫీసులో మావాళ్ళు. రాస్తాను. కానీ మంచి మాటలతో ఆపలేను, నా గురించి కూడా చెప్పాల్సి వస్తుంది. అది వాళ్ళకి నచ్చకపోతే వాళ్ళ ఖర్మ.

కంప్యూటరు ఉండగా ఈ మనిషెందుకని కొత్తగా వచ్చిన ప్రతి మేనేజరూ అడిగేవాడు. పజిలు తయారుచేసేది కంప్యూటరే. జవాబు ఇచ్చేదీ అదే. కానీ ఒకసారి రెండు జవాబులున్న పజిలు అచ్చయింది. ఆ రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఫోను కింద పెట్టడానికి వీల్లేకపోయింది. చదువరులు వార్తలో తప్పుంటే క్షమిస్తారు, సుడోకులో తప్పుంటే ఇంటికొచ్చి కొట్టేలా ఉంటారు. దాంతో ఓనరుగారు ఒక పద్ధతి పెట్టారు. జవాబుల ఫైలు నా దగ్గర ఉంటుంది. మాస్టారికి ఖాళీ గళ్ళు మాత్రమే ఇస్తాను. ఆయన జవాబు చూడకుండా చేసి, ఏ దారిలో చేశారో పక్కన రాసి, ఎన్ని చుక్కల కష్టమో వేసి ఇస్తారు. ఆయన కాగితాన్ని నా ఫైలుతో పోల్చి, తేడా ఉంటే ఆ గడి చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టి వెనక్కి పంపాలి. పందొమ్మిదేళ్ళలో నేను చుట్టిన సున్నలు నాలుగు. అందులో రెండు, తయారుచేసిన వాళ్ళ తప్పులే అని తర్వాత తేలింది.

పొద్దున పది గంటలకి వచ్చేవారు. సంచీలోంచి పెన్సిలు, బ్లేడు, రబ్బరు, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా తీసి ఎప్పుడూ ఒకే వరసలో పెట్టేవారు. పెన్సిలు చెక్కిన పొట్టు చేతిలోకి పట్టి చెత్తబుట్టలో వేసేవారు. ఒక్క ముక్క నేల మీద పడినా లేచి ఏరేవారు. నాకు ఆ శుభ్రత చూస్తే చిర్రెత్తుకొచ్చేది. నా బల్ల మీద ఏముందో నాకే తెలియదు మరి.

నాకు ఈ గళ్ళ పిచ్చి అంటించింది ఆయనే. మొదట్లో ఖాళీ గడి కనిపిస్తే అందులో ఏ అంకె పడుతుందా అని తడుముకునేదాన్ని. తట్టకపోతే ఎక్స్‌వింగు వెతికేదాన్ని, అదేదో పెద్ద కిటుకని ఎవరో గొప్పగా చెప్పారని.

"ఆగు చెల్లెమ్మా. ఇల్లు తుడవకుండా అటక మీద ఏం వెతుకుతావు?" అనేవారు.

ఆయన చెప్పే వరస ఎప్పుడూ ఒకటే. ముందు ప్రతి ఖాళీ గడిలోనూ, అక్కడ పడగల అంకెలన్నీ మూల మూలకి సన్నగా రాసుకోవాలి. వాటిని ఆయన చిన్నంకెలు అనేవారు. ఒక్క గడిలో ఒక్కటి వదిలేసినా ఆ తర్వాత చేసేదంతా ఇసుక మీద కట్టినట్టే. తర్వాత ఒంటరిగా మిగిలిన అంకెలు నింపాలి. తర్వాత జంటలు చూడాలి. తర్వాత, ఒక అంకె మూడు బై మూడు డబ్బాలో ఒకే వరసకి పరిమితమైందా అని చూడాలి. ఇవన్నీ తిరగేసి మళ్ళీ తిరగేసి, ఇంక ఒక్క గడి కూడా కదలడంలేదని తేలాకే ఎక్స్‌వింగు.

"అప్పుడైనా అన్ని అంకెల్లోనూ వెతక్కు. ఒక్కో అంకె ఇప్పటికి ఎన్నిచోట్ల పడిందో చూడు. ఐదుకు మించి పడిన అంకెలో ఎక్స్ కనిపించిందంటే, సంతోషపడకు. ఎక్కడో ఒంటరి అంకెని వదిలేశావని అర్థం. కత్తిచేప అయితే, మూడుకు మించి పడకూడదు. మించి పడిన దాంట్లో చేప దొరికితే, అంతకన్నా తేలికైనదేదో నీ కళ్ళ ముందే ఉంది, నువ్వు చూళ్ళేదు."

స్వోర్డ్‌ఫిష్‌ని ఆయన కత్తిచేప అనేవారు, ఒక్కోసారి ఉత్త చేప. అది అంతకన్నా పెద్ద కిటుకు. ఎక్స్‌వింగు గురించి ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. ఏడు అంకె తీసుకో. రెండో అడ్డవరసలో ఏడు పడగల గళ్ళు రెండే ఉన్నాయి, మూడో నిలువులో ఒకటి, ఎనిమిదో నిలువులో ఒకటి. ఆరో అడ్డవరసలోనూ సరిగ్గా ఆ రెండు నిలువుల్లోనే ఉన్నాయి. పై వరస ఏడు మూడో నిలువుకి వెళితే, కింది వరస ఏడు ఎనిమిదో నిలువుకి పోక తప్పదు. లేదంటే తలకిందులు. ఎలా పడినా ఆ రెండు నిలువుల ఏడులూ ఈ రెండు వరసలకే ఖర్చయిపోయాయి. కాబట్టి ఆ నిలువుల్లో మిగతా గళ్ళలో ఉన్న చిన్న ఏడులన్నీ కొట్టేయొచ్చు. కత్తిచేప అంటే ఇదే పని మూడు వరసల్లో, మూడు నిలువుల్లో. ప్రతి వరసలోనూ మూడు గళ్ళు ఉండక్కర్లేదు, రెండున్నా చాలు. ఆ మూడు నిలువులు దాటి బయట ఒక్కటి కూడా ఉండకూడదు, అంతే.

"ఏడు ఎక్కడుందో నీకింకా తెలీదు. ఎక్కడ లేదో తెలిసింది. ఒక్కోసారి మనిషికి అదే చాలు" అనేవారు.

ఒకసారి టీ తాగుతూ వాళ్ళ అన్నయ్య సంగతి చెప్పారు. అన్నయ్య దర్జీ. కంటితో చూసి కొలత చెప్పగలిగినవాడు. ఒక ఏడాది చొక్కాల చేతులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి రావడం మొదలైంది. కొట్లో పనిచేసేవాళ్ళు రాత్రికి రాత్రి విప్పి సరిచేసి ఇచ్చేవారట, పెద్దాయన మనసు కష్టపెట్టడమెందుకని. ఇంట్లోవాళ్ళూ అంతే. అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. చివరికి డాక్టరు దగ్గర కూర్చోబెట్టి చెప్పినప్పుడు ఆయనకి అర్థంచేసుకునే బుర్ర మిగల్లేదు. ఎవరి గురించి చెబుతున్నారని అడిగాడట.

"నాకు ఆ గతి వద్దు. తెలివి పోయేలోపు తెలియాలి. ఇంట్లో ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ సూది నేనే వెయ్యాలి. నా చెయ్యి నమ్మదగ్గదో కాదో నాకు ముందు తెలియాలి. రోజూ గళ్ళు చేసేది అందుకే అనుకో. నా బుర్రకి పరీక్ష పెట్టేది నువ్వే. తప్పొస్తే మొహమాటం లేకుండా సున్న చుట్టు" అన్నారు.

"మీకు తప్పు రావడమా, మాస్టారూ. ఆ ఎర్ర పెన్సిలు చెక్కి ఎన్నేళ్ళయిందో చూశారా?" అన్నాను.

"మాటివ్వు."

ఇచ్చాను. టీ చల్లారకముందే ఇచ్చిన మాట. ఇప్పటికీ ఆ గ్లాసు అంచున నా వేలు ఎక్కడుందో గుర్తుంది.

మొదటి గుర్తు చాలా చిన్నది. ఐదు నెలల కిందట ఒక బుధవారం ఆయన కాగితం వచ్చింది. జవాబంతా సరిగ్గా ఉంది. పక్కన ఆయన అక్షరాలతో 'ఆరులో ఎక్స్' అని రాసి, నాలుగు చుక్కలు వేశారు. అలవాటుగా ఆరులు లెక్కపెట్టాను. అప్పటికే ఆరు, ఆరుచోట్ల పడి ఉంది. ఐదుకు మించి పడిన అంకెలో ఎక్స్ కనిపిస్తే సంతోషపడకు అన్నది ఆయనే. మిగిలిన మూడు నిలువు వరసల్లో చూశాను. ఒకదానిలో ఆరు ఒకే ఒక్క గడిలో పడుతుంది. చదువరులు పళ్ళు తోముకుంటూ నింపేసే ఒంటరి అంకె అది. దాన్ని ఆయన చూడలేదు. చూడకుండా చుట్టూ తిరిగి, కష్టమైన దారిన అక్కడికే చేరారు.

తప్పు లేదు కాబట్టి సున్న చుట్టే పనిలేదు అనుకున్నాను. నాలుగు చుక్కల్ని రెండు చేసి పేజీలో పెట్టేశాను. కానీ ఆ మధ్యాహ్నమంతా, అంత పెద్ద ఎక్స్ పట్టగలిగిన కన్ను ఇంత చిన్నది ఎలా వదిలేసింది అని ఒకటే ఆలోచన.

పది రోజులకి రెండోది వచ్చింది. ఈసారి ఆయనే లేచి నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఈ పజిలు చెడ్డది చెల్లెమ్మా. జవాబు లేదు. నాలుగో నిలువులో ఒక గడికి ఏ అంకే మిగల్లేదు. మార్చి ఇంకోటి పెట్టు" అన్నారు.

ఆయన వెళ్ళాక కాగితం ముందేసుకున్నాను. ఏడులో ఎక్స్ అని రాశారు. రెండో వరస, ఆరో వరస, మూడో నిలువు, ఎనిమిదో నిలువు. నాకు నేర్పినప్పుడు చెప్పిన లెక్కే, గళ్ళతో సహా. దాన్ని పట్టుకుని తొమ్మిదో వరస మూడో గడిలోంచి ఏడుని కొట్టేశారు. అక్కడి నుంచి అన్నీ తప్పుతూ పోయాయి. ఆరో వరస గళ్ళు ఒక్కొక్కటీ చూశాను. ఐదో నిలువు దగ్గర ఆగాను. అక్కడ కూడా ఏడు పడుతుంది. ఆయన ఆ చిన్నంకె రాయలేదు. ఆ వరసలో ఏడుకి రెండు కాదు, మూడు చోట్లున్నాయి. ఎక్స్ లేనే లేదు. నా ఫైలులో ఆరో వరస ఏడు సరిగ్గా ఆ ఐదో నిలువులోనే ఉంది, ఆయన కొట్టేసిన తొమ్మిదో వరస గడిలో కూడా ఏడే ఉంది.

పజిలు మంచిదే. చెడింది ఏదో నాకు తెలుసు.

ఎర్ర పెన్సిలు సొరుగులోంచి తీశాను. ఎదురుగా ఆయన నీళ్ళ సీసా మూత తిప్పుతూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఈ మనిషికి ఇప్పుడు నేను ఏం చెప్పను? పెన్సిలు మళ్ళీ సొరుగులో పడేశాను. రబ్బరుతో ఆయన తప్పు అంకెలన్నీ చెరిపి, ఆయన చేతిరాతని అనుకరిస్తూ సరైనవి రాశాను. ఐదో నిలువు గడిలో చిన్న ఏడు కూడా రాసిపెట్టాను. బయటికెళ్ళి టీ తెచ్చిచ్చి, పజిలు మార్చేశాం మాస్టారూ అన్నాను. అదే పజిలు మర్నాడు అచ్చయింది. ఆయన ఇంట్లో పేపరు చూసి గుర్తుపడతారేమో అని రాత్రంతా భయపడ్డాను. గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకపోవడం చూసి ఇంకా భయమేసింది.

ఆ తర్వాత ఇక ఆగలేదు. వారానికొకటి, ఒక్కోసారి రెండు వారాలకొకటి. ఎప్పుడూ అదే రకం తప్పు. ఒక చిన్నంకె రాయడం మరిచిపోవడం, దానివల్ల లేని ఎక్స్, లేని చేప కనిపించడం. ఆయన బుర్ర ఇంకా చురుగ్గానే ఉంది, అదే ఘోరం. గళ్ళలో ఒకటి మాయమైతే, మిగిలినవాటితో ఎంతో అందంగా తర్కం అల్లుకుంటూ పోయేవారు. తర్కంలో తప్పు పట్టలేం. కింద నేల లేదంతే. నేను రబ్బరు పొట్టు దులిపి దులిపి పేజీ పంపేదాన్ని. నా రబ్బరు అరిగిపోతే ఇంకోటి కొనుక్కున్నాను.

ఇదంతా జాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆయన మొహం ఎలా మారుతుందో చూడలేని పిరికితనం అది. రిటైరవడానికి ఏడాది ఉంది, ఈ ఏడాది గడిపేస్తే చాలు అనుకున్నాను. సూది సంగతి గుర్తొచ్చినప్పుడల్లా వేరే పని వెతుక్కునేదాన్ని.

గుర్తు రాకుండా ఎన్నాళ్ళు ఉంటుంది? ఒక సోమవారం మాస్టారు ఆఫీసుకి రాలేదు. మంగళవారం వచ్చాక అడిగాను.

"మీ వదినకి నిన్న పొద్దున ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, కుర్చీలోంచి జారిపోయింది. పక్కింటావిడ పంచదార నీళ్ళు తాగించింది. కాసేపటికి తేరుకుంది" అన్నారు.

"ఏమైంది మాస్టారూ?"

"సరిగ్గా తినలేదంటోంది. ఆవిడ అంటోంది" అని ఆగారు. పెన్సిలు చెక్కడం మొదలుపెట్టారు. ఆ రోజు పొట్టు నేల మీద పడింది. ఆయన ఏరలేదు, నేనే వంగి ఏరాను.

ఆ రోజే నోరు తెరవాల్సింది. వదినగారు తక్కువ తిన్నారో, మాస్టారు సూది రెండుసార్లు వేశారో తేల్చగల కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. వదినగారికి ఫోను చేసి, వేళకి తినండి వదినా అని మాత్రం చెప్పాను. అలాగేనమ్మా అన్నారావిడ. ఆ గొంతులో ఏదో తొందర వినిపించింది. పట్టించుకోలేదు.

రెండు వారాలకి, ఒక గురువారం, ఆదివారం పేజీలో వేసే పజిలు ఇచ్చారు. ఐదు చుక్కలు. పక్కన 'నాలుగులో కత్తిచేప' అని ఉంది. ఒకటి, ఐదు, ఎనిమిది వరసలు. రెండు, ఆరు, తొమ్మిది నిలువులు. నాలుగు అప్పటికి రెండుచోట్లే పడి ఉంది, కాబట్టి ఆయన నియమం ప్రకారం చేప వెతకదగ్గ అంకే. ఒకటో వరసలో రెండు, ఆరు నిలువులు. ఐదో వరసలో ఆరు, తొమ్మిది. ఎనిమిదో వరసలో రెండు, తొమ్మిది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. దాన్ని పట్టుకుని మూడో వరస తొమ్మిదో గడిలోంచి నాలుగుని కొట్టేశారు. నా ఫైలులో ఆ గడిలో ఉన్నది నాలుగే.

నాకు ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలుసు. ఐదో వరసలో గడి గడి చూశాను. నాలుగో నిలువు గడిలో చిన్న నాలుగు లేదు. ఉండాలి. మూడు నిలువులు దాటి బయట ఒకటి ఉంది, కాబట్టి చేప లేదు. రబ్బరు తీశాను, చెరిపాను, రాశాను. పది నిమిషాల పని. చెయ్యి తిరిగిపోయింది మరి.

"అంతా సరిగ్గానే ఉందా చెల్లెమ్మా?" అన్నారు ఎదురు బల్ల నుంచి.

"మీరు చేసింది సరిగ్గా లేకపోవడమేంటి మాస్టారూ."

ఆయన చాలాసేపు నన్నే చూశారు. ఎండ కళ్ళలో పడుతోందేమో అనుకుని లేచి కిటికీ తెర లాగాను.

శుక్రవారం నేను వచ్చేసరికి ఆయన అప్పటికే కూర్చుని ఉన్నారు. బల్ల మీద పెన్సిలు, సీసా ఏమీ తియ్యలేదు. ఆయన ముందు నిన్నటి కాగితం ఒక్కటే ఉంది. నా బీరువాలో ఫైలులో ఉండాల్సిన కాగితం.

"కూర్చో" అన్నారు.

కూర్చున్నాను.

"నా నాలుగుకి పైన మూత ఉండదు, చెల్లెమ్మా. రెండు కొమ్ములు విడిగా ఉంటాయి. చిన్నప్పటి నుంచీ అంతే." కాగితం నా వైపు తిప్పి, ఐదో వరస నాలుగో గడి మీద గోరు పెట్టారు. నేను రాసిన చిన్న నాలుగు, పైన త్రికోణంలా మూసుకుని ఉంది. "ఇక్కడ నేను ఏమీ రాయలేదు. కావాలనే రాయలేదు. లేని చేపని పట్టినట్టు రాసి నీకిచ్చాను. ఆవిడ పడిపోయినప్పటి నుంచీ నాకు నా మీద అనుమానంగా ఉంది. నువ్వు సున్న చుట్టి తెస్తే, సరే, ఇన్నాళ్ళూ చుట్టలేదంటే తప్పుల్లేవన్నమాట అని ధైర్యం తెచ్చుకుందామనుకున్నాను."

ఫ్యాను గాలికి కాగితం అంచు లేచి పడుతోంది. తాళం ఎవరో పక్కకి పెట్టారు.

"నువ్వు చుట్టలేదు. సరిచేశావు. కొత్తగా చేసినట్టు కూడా లేదు, చెయ్యి తడబడలేదు." గొంతు ఏమాత్రం పెరగలేదు. "ఇది నేను కావాలని చేసింది. ఇది కాక ఇంకెన్ని?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. ఒకటి రెండు అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"పదకొండు, మాస్టారూ."

ఆయన తలూపారు. కోప్పడితే బాగుండేది. వేళ్ళు విప్పి ముడిచి ఏదో లెక్క చూసుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఐదు నెలలు."

"మా అన్నయ్య కొట్లో కుర్రాళ్ళలాగే నువ్వూనా" అన్నారు. ఆ ఒక్క మాటకి ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్ళీ ఆయనే నన్ను ఓదార్చాలి, అందుకని పళ్ళు బిగబట్టుకున్నాను.

తర్వాత ఆయన మొహం ఒక్కసారిగా మారింది. నీళ్ళ సీసా కోసం సంచీలో చెయ్యి పెట్టి, ఆ చెయ్యి అలాగే ఉంచేశారు.

"పొద్దున సూది వేశాను. పళ్ళెం పక్కన పెట్టాక మళ్ళీ మందు డబ్బా తెరిచినట్టు గుర్తు. అది ఇవాళో నిన్నో నాకు తెలియడంలేదు. ఫోను చెయ్యి."

నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఫోను ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంచాను. మోగుతోంది. ఆయన ఆ ఫోనుని చూస్తున్నారు, నేను ఆయన్ని చూస్తున్నాను. ఐదుసార్లు మోగింది, ఆరు. ఎనిమిదోసారికి ఎత్తారు.

"ఎవరూ?" అన్నారు వదినగారు.

"నేనే వదినా, ఆఫీసు నుంచి. ఒంట్లో ఎలా ఉంది? ఇవాళ సూది ఒకసారే వేశారా?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడు.

"నీకూ తెలిసిపోయిందా అమ్మాయ్" అన్నారావిడ మెల్లగా. "రెండోసారి వెయ్యబోయారు. మీరు మళ్ళీ టీ తెస్తానన్నారుగా అని వంటింట్లోకి పంపేశాను. ఆ రోజు పడిపోయినప్పటి నుంచీ వాడేసిన సూదులు ఒక డబ్బాలో వేసుకుని, తడిమి లెక్కపెట్టుకుంటున్నాను. కళ్ళు లేకపోతేనేం, వేళ్ళున్నాయిగా. మొన్న నాలుగు రోజుల్లో మూడుసార్లు, వేసిన సంగతే మర్చిపోయారు." ఆవిడ గొంతు ఇంకా తగ్గింది. "ఆయనకి మాత్రం చెప్పకమ్మా. తట్టుకోలేరు. నేను చూసుకుంటాను."

ఫోనుని పట్టుకుందామని చెయ్యి చాచాను. మాస్టారు నా చేతి మీద చెయ్యి వేసి ఆపారు. ఆయన అరచెయ్యి చల్లగా ఉంది.

"వింటున్నాను" అన్నారు ఫోనులోకి.

అవతల వదినగారు ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఆవిడ పెట్టెయ్యలేదు, ఆయన పెట్టెయ్యలేదు. నేను ఎందుకు పుట్టానురా భగవంతుడా అనుకుంటూ ఆ ఇద్దరి మధ్యా కూర్చున్నాను.

చివరికి ఆయనే అన్నారు, "సాయంత్రం సూదికి పక్కింటావిడని పిలుద్దాం. నేను ఆఫీసు నుంచి డాక్టరు దగ్గరికి వెళ్తాను. చెల్లెమ్మ తోడొస్తుంది." నా వైపు చూడకుండా అన్నారు. వస్తానో రానో అడగలేదు.

ఫోను పెట్టేశాక బీరువా వైపు చూపించారు. ఐదు నెలల కట్టలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయనే నా సొరుగు తీసి ఎర్ర పెన్సిలు బయటికి లాగి, సంచీలోంచి బ్లేడు తీసి మొన తేలేదాకా చెక్కారు. పొట్టు అరచేతిలోకి పట్టి చెత్తబుట్టలో వేశారు. పెన్సిలు నా చేతికిచ్చారు.

"చుట్టు. నాకు ఇంకా అర్థమవుతున్నప్పుడే చూడనీ" అన్నారు.

మొదటి కాగితం తీశాను. ఆరో వరస, ఐదో నిలువు. నేను రాసిన చిన్న ఏడు అక్కడే ఉంది. దాని చుట్టూ సున్న చుట్టి ఆయన వైపు తిప్పాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో గడీ వేలితో తడుముతూ, ఎక్కడ పోగొట్టుకున్నారో వెతుక్కోవడం మొదలుపెట్టారు.